కాలవ కట్టేసే నెలలు

మా పేటలో ఎవరికీ సెంటు భూమి లేదు. గోదావరి కాలవ మా గుడిసెల పక్కనుంచే పారేది గానీ ఆ నీళ్ళు తాగే చేలు మావి కావు. ఏప్రిల్‌లో దాళవా కోతలయ్యాక కాలవలు కట్టేసేవాళ్ళు. మళ్ళీ జూన్‌లో వదిలేవాళ్ళు. ఆ మధ్య రోజులు మాకు కూలి లేని రోజులు.

మా అమ్మకి అక్షరం రాదు. లెక్క మాత్రం వచ్చు. కోతల్లో వచ్చిన కూలి గింజలు కుండలో పోసి మూతికి గుడ్డ కట్టేది. "నీళ్ళొదిలిన రోజు కూలి రాదురా. నారు పొయ్యాలి, ఎదగాలి, ఊడుపులు పడాలి. అప్పటిదాకా తినాలి" అనేది. పేటలో చాలామంది నీళ్ళొచ్చే రోజుకి లెక్కేసుకునేవాళ్ళు. ఆఖరి నెలలో రైతు దగ్గర అప్పు తెచ్చి, ఊడుపుల్లో సగం కూలికి తీర్చేవాళ్ళు. అమ్మ ఊడుపుల రోజుకి లెక్కేసేది.

ఈ లెక్క నాకిప్పుడు పనికొస్తోంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. లా కూడా చదివాను. తర్వాత డి.ఎస్.సి.లో ఎంపికై సర్కారు బడిలో పంతులునయ్యాను. ఇప్పుడు నా వయసు 37. బడి వదిలి రాజమండ్రి కోర్టులో అట్రాసిటీ కేసులు చూడాలని నిర్ణయించుకున్నాను. మా వాళ్ళ కేసుల్లో సాక్షులు నిలబడకపోవడం, వాయిదాలకి తిరగలేక రాజీ పడిపోవడం చూస్తూ పాఠం చెప్పడం నాకు కష్టంగా ఉంది.

మన కోనసీమ కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం గారు 1985లో కారంచేడు తర్వాత హైకోర్టులో ప్రభుత్వ ప్లీడర్ పదవిని వదులుకున్నారు. ఆ తెగువ మనందరికీ ఆదర్శం. కానీ ఆయన వదిలింది పదవిని, వృత్తిని కాదు. నల్లకోటు ఆయన ఒంటిమీదే ఉంది. నేను వదలబోయేది నెలనెలా వచ్చే జీతాన్ని. వెళ్ళబోయేది నన్నెవరూ ఎరగని చోటికి.

మా స్టాఫ్ రూంలో ఒక మాస్టారు వ్యాపారానికని ఉద్యోగం మానేశారు. ఆయనకి మూడెకరాల కొబ్బరితోట ఉంది. "అదృష్టముంటే ఆడతాం, లేకపోతే తోట ఉంది" అన్నారు. మనకి తోట లేదు. తోట చేసే పని డబ్బు చెయ్యాలి. ఆ డబ్బు ముందే కూడాలి.

జీతం లేని సెలవు పెట్టి కోర్టుకెళ్ళొచ్చుగా అని చాలామంది సలహా ఇచ్చారు. కుదరదు. జీతానికి పూర్తికాలం పనిచేసేవాడు వకాలతు చెయ్యకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. సెలవులో ఉన్నా మనం ఉద్యోగులమే. రాజీనామా ఇచ్చాకే పేరు నమోదు. రాజీనామాతో వెనకటి సర్వీసు లెక్కలోంచి పోతుంది. మాది 2004 తర్వాతి సి.పి.ఎస్. మధ్యలో మానేస్తే, మొత్తం మరీ చిన్నదైతే తప్ప, పోగైన దాంట్లో 20 శాతమే చేతికిస్తారు. మిగతా 80 శాతం పెట్టి పెన్షన్ కొనుక్కోవాలి. అందుకని ఆ డబ్బుని నా లెక్కలో వెయ్యలేదు.

నమోదు ఫీజు ఇప్పుడు మనకి అడ్డు కాదు. 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పుతో ఎస్సీ, ఎస్టీలకి అది 125 రూపాయలు. అసలు ఖర్చు ఆ తర్వాతి నెలలది. జూనియర్‌కి పల్లెల్లో 15,000, పట్నాల్లో 20,000 నెలకివ్వాలని అదే ఏడాది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. అది సిఫార్సు మాత్రమే, సీనియర్ ఇచ్చి తీరాలని లేదు. కాబట్టి పేరు నమోదైన రోజు నాకు కాలవలో నీళ్ళొదిలిన రోజు. ఊడుపులు తర్వాతెప్పుడో. రెండేళ్ళు నా సంపాదన సున్నా అనుకుని లెక్కేశాను.

నా చేతికి 62,000 వస్తుంది. నేనూ మా ఆవిడా కూర్చుని ఇల్లు 28,000తో నడపాలని రాసుకున్నాం. ఉద్యోగం ఉండగానే అంతలో బతకడం మొదలుపెట్టాం. కాగితం మీది అంకె నిజమో కాదో ఆరు నెలలు బతికి చూస్తేనే తెలుస్తుంది. మిగిలే 34,000తో నాలుగు నెలల్లో సొసైటీ అప్పు 1,36,000 తీర్చేశాను. జీతం చూసి ఇచ్చిన అప్పు జీతం ఆగిన రోజు మన మీదే కాదు, జామీను పెట్టిన తోటి పంతుళ్ళ మీదా పడుతుంది.

తర్వాత కూడబెట్టాల్సింది. మా ఆవిడ కుట్టుమిషను మీద నెలకి 8,000 వస్తుంది. అంటే నెలకి 20,000 లోటు, 24 నెలలకి 4,80,000. కోటు, పుస్తకాలు, తిరుగుళ్ళకి 40,000. ఇవి కాక, జబ్బూ చావూ లాంటి వాటికి మూడు నెలల ఇంటిఖర్చు 84,000 విడిగా. మొత్తం 6,04,000. నెలకి 34,000 చొప్పున 18 నెలలు.

ఆ 84,000ని రెండో డబ్బుతో కలపకూడదు. ఒకే ఖాతాలో ఉంటే అమ్మ ఆస్పత్రి ఖర్చు నా కోర్టు నెలల్ని తినేస్తుంది, ఎన్ని తిన్నదో కూడా తెలీదు. విడిగా ఉంటే తరిగింది కనపడుతుంది, తిరిగి నింపొచ్చు. దాన్ని బ్యాంకులో 28,000 చొప్పున మూడు డిపాజిట్లు చేశాను. ఒకటి మధ్యలో తీసినా మిగతా రెంటి వడ్డీ చెడదు.

చీటీ ఎందుకు కట్టలేదని మా బావ అడిగాడు. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకి 5,000. నాలుగో నెల ఆపదొస్తే పాటలో 30,000 తోసుకుని 70,000 తెచ్చుకోవాలి. ఆ తర్వాత 16 నెలలూ వాయిదా కడుతూనే ఉండాలి. జీతం ఉన్నవాడికి అది పొదుపు, జీతం లేనివాడికి అప్పు.

ఉద్యోగుల హెల్త్ కార్డు రాజీనామాతో పోతుంది. అమ్మకి షుగరు. ఉన్న జబ్బుకి బీమా కంపెనీలు మూడేళ్ళ దాకా ఆగమనొచ్చు. ఆ గడువు ఉద్యోగంలో ఉండగానే కొంత గడవాలని పాలసీ ముందే తీసుకున్నాను. ప్రీమియం ఆ 28,000లోదే.

అన్నిటికన్నా కష్టమైన పద్దు ఇంకోటుంది. పేటలో ఒక్కడికి జీతమొస్తే ఆ జీతం పేటంతటి ఆపద నిధి అవుతుంది. అక్క కూతురి ఫీజు, చిన్నాన్న ఆపరేషను. వాళ్ళు పస్తుండి నన్ను చదివించారు, కాదనే హక్కు నాకు లేదు. అలాగని వచ్చినప్పుడల్లా ఇస్తే 18 నెలలు 36 అవుతాయి. అందుకే ఆ 28,000లోనే బంధువుల పద్దు అని నెలకి 3,000 పెట్టాను. అడగని నెల అది అక్కడే పేరుకుంటుంది. అడిగిన నెల ఉన్నంతా ఇస్తాను. "పంతులు బాబు అయిపోయాడు" అన్నవాళ్ళున్నారు. పడ్డాను.

ఇప్పటికి 14 నెలలయింది, 4,76,000 చేరింది. ఇంకో నాలుగు నెలలుంది. కోర్టుకెళ్ళాక ఎనిమిది నెలల లోటుకి సరిపడే 1,60,000 మిగిలినప్పుడు ఆగి చూసుకుంటాను. నా పేరు మీద సొంతంగా వకాలతులు రావడం మొదలైతే సాగుతాను. లేకపోతే, చేతిలో డబ్బుండగానే ఇంకో పని వెతుక్కుంటాను. చేతులు ఖాళీ అయ్యాక వెతుక్కునేవాడు ఎవడి షరతుకైనా ఒప్పుకోవాలి. అట్రాసిటీ కేసు పట్టుకున్న వకీలుని రాజీకి రమ్మని ముందు అడిగేది ఆ ఊరి పెద్దలే. ఇంట్లో బియ్యం ఉన్నవాడే వాళ్ళకి రానని చెప్పగలడు.