అడుగుకి ఏడంగుళాలు

కలప అడితికి వెళ్తే వాళ్లు ముందు అడిగేది పొడవే. వాసాలు ఎన్నడుగులవి కావాలి, ఎన్ని కావాలి? ఇల్లు ఇంకా లేవలేదు, గోడల మీద కప్పూ లేదు, కానీ వాసం పొడవు మాత్రం ముందే చెప్పాలి. అడుగు ఎక్కువ చెబితే ప్రతి వాసానికీ అడుగు కలప డబ్బులు దండగ. అడుగు తక్కువ చెబితే మొత్తం కలపే దండగ. అందుకే మా వడ్రంగంలో కప్పు పని రంపంతో కాదు, పెన్సిలుతో మొదలవుతుంది.

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా శ్లాబులే. అయినా పాత పెంకుటిళ్లు దించి, పుచ్చిన వాసాలు తీసేసి, మళ్లీ బెంగుళూరు పెంకు ఎక్కించే పని ఇంకా దొరుకుతూనే ఉంది. ఈ మధ్య చేసిన ఒక ఇంటి లెక్కే చెబుతాను. రెండు వైపులా వాలు, మధ్యలో కొప్పు, రెండు చివర్లా ముక్కోణంగా లేచిన గోడలు. ఇంతకన్నా తేలికైన కప్పు లేదు. అయినా తప్పులు ఎక్కువగా జరిగేది దీంట్లోనే.

ఆసామి వెడల్పు పదిహేనున్నర అన్నారు. ఆయన కొలిచింది గది లోపల. గోడ మందం 15 అంగుళాలు కాబట్టి బయట నుంచి బయటికి 18 అడుగులు. వాసం కూర్చునేది గోడ మీద పరిచిన పట్టె బయటి అంచు దగ్గర. కనుక మనకి కావాల్సింది ఈ 18. అందులో సగం, 9 అడుగులు, ముక్కోణానికి అడుగు భుజం. కొప్పు ఆ పట్టె కన్నా ఎంత పైకి లేస్తుందో అది నిలువు భుజం. వాసం కర్ణం. పదో తరగతి చదివే పిల్లలకి తెలిసిన పైథాగరస్ లెక్కే ఇది. వాళ్లకి భుజాలు పుస్తకంలో ఇచ్చేస్తారు. మాకు ఆ ముక్కోణం ఎక్కడి నుంచి ఎక్కడికి గీయాలన్నదే పెద్ద పని.

నిలువు భుజం ఎంతన్నది వాలు నిర్ణయిస్తుంది. మేము వాలు డిగ్రీల్లో చెప్పం, అడుగుకి ఇన్ని అంగుళాలు అంటాం. అడ్డంగా అడుగు నడిస్తే ఎన్ని అంగుళాలు లేస్తుంది అని. ఇంజనీర్లు పిచ్ అంటారు. అది వెడల్పు మొత్తంలో ఎత్తు ఎన్నో వంతు అని. ఈ రెండూ కలగాపులగం అయితే కొంప మునుగుతుంది. కాగితం మీద పిచ్ మూడో వంతు అని ఉంటే, 18 అడుగుల ఇంటికి కొప్పు 6 అడుగులు లేవాలి, అంటే అడుగుకి 8 అంగుళాలు. దాన్ని సగం వెడల్పులో మూడో వంతు అనుకుంటే కొప్పు 3 అడుగుల దగ్గర ఆగిపోతుంది. అడుగుకి 4 అంగుళాల వాలు మీద పెంకు పరిస్తే ముసురు పట్టిన రోజు గాలికి వాన నీళ్లు పెంకు కిందకి ఎగదన్నుతాయి. ఇంట్లో గిన్నెలు పెట్టుకోవాల్సిందే.

లెక్క సులువుగా ఉంటుందని అడుగుకి 5 అంగుళాలు పెట్టమనే వాళ్లున్నారు. 5, 12 భుజాలైతే కర్ణం సరిగ్గా 13. అడుగుకి 13 అంగుళాల వాసం అన్నమాట, నోటితోనే చెప్పేయొచ్చు. బౌధాయన శుల్బసూత్రంలో కూడా ఉన్న కొలత. కానీ ఆ వాలు 22 డిగ్రీల పైచిలుకే. బెంగుళూరు పెంకుకి 26కి తగ్గితే నాకు ధైర్యం చాలదు. అటువైపు అడుగుకి 9 అంగుళాలు పెడితే 9, 12, 15 అని మళ్లీ చక్కగా కుదురుతుంది గానీ, వాలు 37 డిగ్రీలకి దగ్గరగా పోయి కలపా పెంకూ పెరుగుతాయి. తాటాకు ఇంటికైతే అంతకన్నా నిటారుగానే పెట్టాలి, లేకపోతే ఆకు నీళ్లు పీల్చి కుళ్లుతుంది. పెంకుకి ఆ అవసరం లేదు.

నేను అడుగుకి 7 అంగుళాల దగ్గర ఆగాను. వాన ఒక కారణం, గాలి ఇంకో కారణం. తుపాను గాలి కప్పుని నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. వాలు తక్కువైన కప్పుని అది నొక్కదు, పైకి పీకుతుంది. గాలి భారాల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో ఈ పట్టిక ఉంది. గోడ ఎత్తు ఇంటి వెడల్పులో సగానికి మించని ఇళ్లలో, గాలికి ఎదురుగా ఉన్న వాలు 10 డిగ్రీలైతే పీకుడు అన్నిటికన్నా ఎక్కువ. 20 దగ్గర బాగా తగ్గుతుంది. 30 దగ్గర దాదాపు సున్నా. 45కి వెళ్తే నొక్కుడు మొదలవుతుంది. గాలికి చాటున ఉన్న రెండో వాలుకి పీకుడు ఎలాగూ తప్పదు, కాబట్టి చూరు దగ్గరా కొప్పు దగ్గరా పెంకుని తీగతో కట్టుకోవాల్సిందే. ఈ ఇంటి గోడ 9 అడుగులు, వెడల్పు 18. పట్టికకి సరిగ్గా సరిపోయింది. అడుగుకి 7 అంటే ఎన్ని డిగ్రీలో ఫోన్లో నొక్కి చూస్తే ఇలా వస్తుంది:

```
tan⁻¹(7 ÷ 12) = 30.26°
```

ఇక్కడ ఒక మాట. వాలు సగం చేస్తే డిగ్రీలు సగం అవవు. అడుగుకి 12 అంగుళాలైతే 45 డిగ్రీలు. 6 అంగుళాలైతే 22న్నర కాదు, 26న్నర. అందుకే డిగ్రీలు పట్టుకుని బేరం ఆడే వాళ్లతో నేను అంగుళాల్లోనే మాట్లాడతాను.

ఇప్పుడు పొడవు. అడ్డం 9 అడుగులు, అంటే 108 అంగుళాలు. ఎత్తు తొమ్మిది ఏళ్లు 63 అంగుళాలు, 5 అడుగుల 3 అంగుళాలు.

```
√(108² + 63²) = √15633 = 125.03
```

125 అంగుళాలు, 10 అడుగుల 5 అంగుళాలు. ఇది గీత పొడవు. ఈ గీతకి మందం లేదు. కలపకి ఉంది. కొప్పు దగ్గర రెండు వైపుల వాసాలూ ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో 2 అంగుళాల మందం పట్టె నడుస్తుంది. ఒక్కో వాసం అడ్డంగా అంగుళం వెనక్కి ఆగాలి. వాలు మీద కొలిస్తే అది అంగుళం కన్నా కాస్త ఎక్కువ. తీసేస్తే 10 అడుగుల 3 అంగుళాలు, ఇంకో ముప్పాతిక పైచిలుకు మిగిలింది.

తర్వాత చూరు. ఆసామి గోడ నుంచి రెండడుగులు బయటికి రావాలన్నారు, గోడ తడవకూడదని. అడ్డంగా రెండడుగులా, వాసం మీద రెండడుగులా? ఈ ప్రశ్న ముందే అడగాలి. వాసం మీద కొలిచి రెండడుగులు వదిలితే గోడ నుంచి బయటికి వచ్చేది 20 ముప్పావు అంగుళాలే. నిజంగా రెండడుగులు రావాలంటే వాసం మీద 27 ముప్పావు వదలాలి. మొత్తం కలిపితే 12 అడుగుల 7 అంగుళాలు, పైన ఇంకో అరంగుళం చిల్లర. అడితిలో 13 అడుగులని చెప్పాను. మిగిలే ముక్క రెండు చివర్లా ఏటవాలు కోతలకే పోతుంది.

కోతలకి డిగ్రీలు అక్కర్లేదు. ఇనప మూలమట్టం ఒక చేతి మీద 12 అంగుళాల గుర్తు, రెండో చేతి మీద 7 గుర్తు, ఈ రెండూ వాసం అంచుకి ఆనేలా పెడితే చాలు. 7 వైపు చేతి వెంట గీసిన గీత, వాసం పైకెక్కాక తూకం గుండుకి సరిగ్గా నిలువుగా ఉంటుంది. కొప్పు పట్టెకి ఆనే కోత అదే. 12 వైపు గీత రసమట్టానికి సరిపోతుంది. గోడపట్టె మీద కూర్చునే గాడి అడుగు అదే. మూలమట్టాన్ని అలాగే తొమ్మిది సార్లు జరుపుకుంటూ పోతే వాసం పొడవు కూడా వచ్చేస్తుంది. పాత మేస్త్రీలు చాలామంది వర్గమూలం పేరు వినకుండానే ఇలా ఇళ్లు కప్పారు. కాకపోతే జరిపిన ప్రతిసారీ పెన్సిలు గీత మందమంత తేడా పోగవుతుంది. చివరికి టేపుతో 125 చూసుకోవాలి.

గాడి ఎంత లోతు? వాసం 5 అంగుళాల వెడల్పు. పట్టె మీద 3 అంగుళాలు కూర్చోబెడితే గాడి నిలువు 1 ముప్పావు అంగుళం వస్తుంది, వాసం అంచుకి లంబంగా కొలిస్తే ఒకటిన్నర. వెడల్పులో మూడో వంతు దాటకూడదు, ఇక్కడ దాటలేదు. పట్టె 4 అంగుళాలుంది కదా అని మొత్తం ఆనించబోతే గాడి రెండంగుళాల లోతుకి పోయి, చూరు బరువుకి వాసం అక్కడే చీలుతుంది. తాటి వాసమైతే ఇంకా జాగ్రత్త, చేవంతా బయటి వైపే ఉంటుంది. గాడి కొట్టామంటే ఆ చేవనే తీసేస్తున్నాం.

ఇంతా చేశాక అసలు చిక్కు గోడల దగ్గర వచ్చింది. పాత మట్టి గోడలు. ఒక చివర 18 అడుగులున్న వెడల్పు రెండో చివర 18 అడుగుల 3 అంగుళాలు. గోడ వెంటే పట్టె వేస్తే ఆ చివర సగం వెడల్పు అంగుళంన్నర పెరుగుతుంది. కొప్పు ఎత్తు అదే ఉంచితే వాసం 126 అంగుళాలు దాటిపోతుంది. మధ్యలో ప్రతి వాసానికీ ఒక కొలత. పైగా వాలు మెలి తిరిగి, పెంకు వరసలు ఒక మూల నోరు తెరుస్తాయి. అందుకని గోడని వదిలేసి దారం పట్టాం. ఈ చివర గోడ అంచుకీ, ఆ చివర రెండు వైపులా అంగుళంన్నర లోపలికీ దారం లాగి, దాని వెంట పట్టె పరిచాం. ఇప్పుడు ముక్కోణం ఇంటి పొడవునా ఒక్కటే. ఆ మూల చూరు గోడ నుంచి అంగుళంన్నర తక్కువ వస్తుంది, కింద నిలబడి చూస్తే ఎవరికీ తెలియదు.

అలా సరిచేశాకే మొదటి జత కోశాం. రెండు వాసాలూ పైకెక్కించి, కొప్పు దగ్గర సందు లేకుండా ఆనిందీ లేనిదీ, గాడి పట్టె మీద పూర్తిగా కూర్చుందీ లేనిదీ చూశాం. కొప్పు దగ్గర పైన సందు కనిపిస్తే పట్టెలు ఎడం తగ్గి వాసాలు నిటారయ్యాయని, కింద సందు కనిపిస్తే పట్టెలు దూరం జరిగి వాసాలు వాలాయని అర్థం. అదే జతని ఇంటి రెండో చివరా పెట్టి చూశాకే, ఒక వాసాన్ని అచ్చుగా పెట్టుకుని మిగతావన్నీ గీశాం. కోసిన దాన్ని చూసి ఇంకోటి, దాన్ని చూసి మరోటి గీయకూడదు. అన్నీ ఆ మొదటి దాన్నుంచే.

పని సగంలో ఉండగా ఆసామి వచ్చి, "మేస్త్రీ గారూ, ఇదే వాలులో ముందుకి లాగి వరండా కూడా వేసేద్దామండీ, ఏడడుగులు చాలు" అన్నారు. మళ్లీ పెన్సిలు తీశాను. ఏడడుగులు ముందుకి వస్తే ఏడేళ్లు 49, నాలుగడుగుల అంగుళం కిందకి దిగుతుంది. 9 అడుగుల గోడ మీంచి దిగితే వరండా చివర ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. "వరండాలోకి వంగి రావాలండి మీ వియ్యంకులు" అన్నాను. ఆయన నవ్వి, రేకు వేయమన్నారు. రేకుకి అడుగుకి 3 అంగుళాలు చాలు కాబట్టి ఏడడుగులకి 21 అంగుళాలే దిగుతుంది. రేకు పై అంచు మాత్రం పెంకు చూరు కిందకి దూరాలి. చూరు రెండడుగుల్లో 14 అంగుళాలు దిగి ఉంది. అక్కడికి తగ్గట్టు వరండా పట్టెని గోడకి ఎంత కిందగా బిగించాలో, చివర స్తంభం ఎంత ఎత్తు మిగులుతుందో ఇంకో ముక్కోణం గీసుకుని చూశాం. స్తంభం ఆరడుగుల చిల్లర వచ్చింది. ఆయనే వచ్చి దాని పక్కన నిలబడి, తలపాగాతో సహా కొలుచుకుని సరేనన్నారు.