ఆసిడ్ పోస్తే pH 8 ఎట్ల వస్తది?

మాది దేవరకొండ దిక్కు తండా. మా ఇంట్ల డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. ఇప్పుడు నల్గొండలో హాస్టల్‌ల ఉండి బీఎస్సీ చదువుతున్న. ఎంట్రన్స్ రాసే తమ్ముళ్ళ కోసం ఒక లెక్క గురించి రాస్తున్న. చిన్నదే, కానీ ఒక మార్కు దీని మీదనే పోతది.

10⁻⁸ M HCl కి pH ఎంత? సూత్రంల పెడితే 8 వస్తది. మా హాస్టల్‌ల ఇంటర్ తమ్ముడు ఒకడు అడిగిండు: "అన్నా, నీళ్ళల్ల ఆసిడ్ పోస్తే బేస్ అయితదా?" కాదు. వాని అనుమానమే ఈ లెక్కకు దారి.

ఏందంటే, నీళ్ళు కూడా సొంతంగా కొంచెం విడిపోయి H⁺, OH⁻ ఇస్తయి. 25 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీళ్ళల్ల H⁺ 10⁻⁷ ఉంటది. మనం పోసిన ఆసిడ్ ఇచ్చేది 10⁻⁸, అంటే దాంట్ల పదో వంతు. బిందె నీళ్ళను వదిలేసి చెంబు నీళ్ళనే లెక్కపెట్టినట్టు అన్నమాట.

మరి రెండూ కలిపితే 1.1 × 10⁻⁷, pH 6.96 అంటారు కొందరు. ఇది దగ్గరికొచ్చింది కానీ సరైనది కాదు. ఆసిడ్ H⁺ పెరగంగనే నీళ్ళు విడిపోవుడు కొంత తగ్గుతది. అందుకని నీళ్ళ వాటా పూరా 10⁻⁷ ఉండదు. ద్రావణంల ప్లస్‌లు, మైనస్‌లు సమానం కావాలె, అక్కడి నుంచి మొదలుపెట్టాలె:

```
[H+] = [Cl-] + [OH-]
h = 10^-8 + 10^-14/h
h² - 10^-8 h - 10^-14 = 0
h = 1.05 × 10^-7
pH = 6.98
```

సరిచూసుకునుడు సులువు. నీళ్ళ వాటా 0.95 × 10⁻⁷. దాన్ని 1.05 × 10⁻⁷ తోని గుణిస్తే 10⁻¹⁴ వస్తది. 6.96 జవాబు అయితే 1.1 × 10⁻¹⁴ వస్తది, అక్కడ్నే దొరికిపోతది. ఆప్షన్లల్ల రెండూ ఇస్తే 6.98 పెట్టాలె.

ప్రతి లెక్కకు ఇంత అవసరం లేదు. 10⁻⁶ M దాకా సూత్రమే చాలు, 6 వస్తది. 10⁻⁷ M దగ్గర మాత్రం 7 కాదు, 6.79.

ఇంకో మాట. ఈ 6.98 ని ల్యాబ్‌ల మీటర్ పెట్టి చూద్దామంటే దొరకది. డిస్టిల్డ్ వాటర్ మూత తీసి పెడితే గాలిల ఉన్న కార్బన్ డయాక్సైడ్ కరిగి pH 5.6 దాకా దిగుతది. ఆ H⁺ మన ఆసిడ్ ఇచ్చినదానికి దాదాపు 250 రెట్లు. మన బోరు నీళ్ళల్ల అయితే బైకార్బనేట్ ఉంటది, ఇంత కొంచెం ఆసిడ్‌ను అదే పట్టేసుకుంటది. అందుకే ఈ జవాబు గాలి తగలని స్వచ్ఛమైన నీళ్ళకే, 25 డిగ్రీలకే.

లెక్కల ఎక్కడన్న ఆగితే కింద అడగండ్రి, చెప్త.