అంధులకు అభివాదనము – నామకథనము, అనుజ్ఞాస్వీకారము

ఉపనయనమైన వటువుకు మేము మొదట నేర్పే విషయాలలో అభివాదన విధి ఒకటి. చేతులతో చెవులను స్పృశించి, ప్రవర ఋషులను, గోత్రమును, సూత్రమును, శాఖను ఉచ్చరించి, చివరకు తన పేరు చెప్పి, వంగి పాదస్పర్శ చేయాలి. ఎదుట ఉన్నది కన్నతండ్రి అయినా పేరు చెప్పక తప్పదు. మా వద్ద వేదాధ్యయనానికి వచ్చిన ఒక పిల్లవాడు, "మా నాన్నగారికి నా పేరు తెలియదా అండీ?" అని అడిగాడు. మంచి ప్రశ్నే. మనుస్మృతి ద్వితీయాధ్యాయంలో కూడా అభివాదనానికి నామకథనం విహితమై ఉన్నది. నమస్కరించేవాడు ఎవరో ఎదుటివారు ఊహించి తెలుసుకోనక్కరలేదు. చెప్పవలసిన భారం వచ్చినవానిదే.

ప్రత్యభివాదనంలో మరొక సూక్ష్మం ఉన్నది. పెద్దలు ఆశీర్వదిస్తూ వచ్చినవాని పేరును తిరిగి పలుకుతారు. ఆ పేరు చివరి అచ్చును మూడు మాత్రల కాలం సాగదీసి, ప్లుతంగా పలకాలి. పాణిని దీనికొక సూత్రమే చేశాడు. తన పేరు తనకు తిరిగి వినబడినప్పుడు, తన అభివాదనం చేరవలసిన చోటికి చేరినదని వటువుకు తెలుస్తుంది.

చూపు ఉన్న మనబోటి వాళ్ళం నిత్యవ్యవహారంలో ఇదంతా విడిచిపెట్టాము. తల ఊపితే నమస్కారం, చేయి ఎత్తితే వీడ్కోలు. కన్ను సగం పని చేసిపెడుతున్నది గనుక ఇది చెల్లుతున్నది. అంధుని ఎదుట మాత్రం చెల్లదు.

చార్మినార్‌కు దక్షిణాన శాలిబండ ప్రాంతంలోని మా ఆలయానికి ఒక పెద్దాయన చాలాకాలంగా వస్తున్నారు. నీటికాసుల వ్యాధి వలన యాభై ఏళ్ళు దాటిన తరువాత చూపు పూర్తిగా పోయినది. గంట నాదాన్ని బట్టి గర్భాలయం ఎటువైపో, కాలికింది బండల నునుపును బట్టి ప్రదక్షిణ మార్గం ఎక్కడిదో ఆయనకు తెలుసు. ఆయనకు తెలియనిది, ఎదుట నిలిచినవారు ఎవరన్నదే. భక్తులలో కొందరు ఆయన చేయి పట్టుకొని, "నేనెవరో చెప్పండి చూద్దాం!" అంటారు. ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. కాని ఆయన ముఖంలో ఒక విధమైన కంగారు కనబడుతుంది. జలుబు చేస్తే గొంతు మారుతుంది. వీధిలో ఆటోల మోత, లోపల గంటల మోత. పరిచితులు వందలలో ఉంటారు. తప్పు చెబితే ఎదుటివారు నొచ్చుకుంటారేమోనని ఆయన నవ్వి, "ఆఁ, ఆఁ, బాగున్నారా" అని పొడిగా అంటారు. ఆ పొడిమాట వినబడినదంటే ఆయన మనలను గుర్తుపట్టలేదని అర్థం. గుర్తుపట్టి ఉంటే మన పేరో, మన ఇంటివారి ప్రస్తావనో ఆ మాటలో తప్పక వస్తుంది.

ఇక రెండవది, చెప్పకుండా వెళ్ళిపోవడం. ఇది మొదటిదానికంటె కష్టతరం. ఒక ఏకాదశి సాయంకాలం ఆయనను తీసుకువచ్చిన బంధువు ధ్వజస్తంభం దగ్గర నిలబెట్టి మాట్లాడుతూ, ఫోన్ మోగగానే నిశ్శబ్దంగా బయటికి నడిచాడు. పెద్దాయన మనుమరాలి వివాహ విషయం చెబుతూనే ఉన్నారు. ప్రక్కన ఉన్న కుర్రవాళ్ళు ఒకరినొకరు చూసుకొని నవ్వారు. జవాబు రాకపోవడంతో ఆయన ఆగి, "ఉన్నావా నాయనా?" అన్నారు. చేయి చాచి వెతికారు. వెతకడంలో శరీరం కొంత తిరిగినది. అక్కడే దిక్కు తప్పినది. అంతవరకు గర్భాలయానికి అభిముఖంగా ఉన్న మనిషి ఇప్పుడు మెట్లవైపు తిరిగి ఉన్నారు, ఆ సంగతి ఆయనకు తెలియదు. మరి రెండు అడుగులు వేసి ఉంటే పడేవారే.

ప్రసాదం ఇస్తూ ఉన్న నేను ఆ పని ఆపి వెళ్ళి, పేరు చెప్పి, ఆయన చేతిని స్తంభానికి ఆనించాను. ఆయన మెట్లను గురించి మాట్లాడలేదు. "వాడు ఎంతసేపటి నుంచి లేడు అయ్యగారూ? ఏ మాటదాకా విన్నాడు?" అని అడిగారు. నేను సమాధానం చెప్పలేకపోయాను.

ఆశ్రమవాసపర్వంలోని ఒక ఘట్టం ఇక్కడ స్మరించదగినది. పాండవులు వనంలో ఉన్న ధృతరాష్ట్రుని దర్శించడానికి వెళ్ళినప్పుడు, పాదాలపై వ్రాలిన వారిని ఆయన స్వరం చేత, స్పర్శ చేత గుర్తించాడు. వారు ఇంటి బిడ్డలు. కాని వెంట వచ్చిన జనసమూహాన్ని యుధిష్ఠిరుడు నామగోత్రాలు చెప్పి ఆయనకు నివేదించాడు. ఆ తరువాత, వచ్చినవారెవరని తాపసులు అడిగినప్పుడు సంజయుడు పాండవులను దేహచ్ఛాయ, ఆకృతి వర్ణించి చూపిస్తాడు. చూపున్న తాపసులకు రూపం, చూపులేని రాజుకు నామం. వ్యాసభగవానుడు ఈ భేదాన్ని ఎక్కడా వ్యాఖ్యానించలేదు, జరిగినట్లుగా చెప్పి ముందుకు సాగాడు.

స్వరంతోనే గుర్తించగల వారికి ప్రతిసారీ పేరు చెప్పడం అవసరమా అంటే, లేదు. దినమూ ప్రక్కన ఉండే ధర్మపత్ని పేరు చెప్పనక్కరలేదు. సందేహం ఉంటే వారినే అడగడం మంచిది. మిగిలినవారు ముందుగా ఆయనను సంబోధించాలి, ఎందుకంటే సంబోధన లేకపోతే మాట తనకా ప్రక్కవానికా తెలియదు. ఆపైన తమ పేరు, ఎక్కడి పరిచయమో ఒక ముక్క. "పెద్దయ్యగారూ, నేను శాస్త్రిని, గుడి అర్చకుణ్ణి. నా ఎడమప్రక్కన మా అబ్బాయి ఉన్నాడు" అంటే చాలును. గొంతు పెంచనక్కరలేదు, లోపం చెవిలో లేదు గదా. తీర్థం పోసేముందు "తీర్థం", హారతి చూపేముందు "హారతి, మీ కుడివైపున" అని కూడా అంటాను. చెప్పకుండా వేడి ముఖానికి తగిలితే ఎవరైనా ఉలిక్కిపడతారు.

ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలనాడు ఈ విధి అంతా విఫలమవుతుంది. డప్పుల మోతలో పేరు వినబడదు. అప్పుడు ముంజేతి వెనుకభాగాన్ని తేలికగా తాకి, చెవి దగ్గర పేరు చెప్పి, మన మోచేతిని ఆయనకు అందించాలి. ఆయన మనలను పట్టుకొని నడవాలి గాని, మనం ఆయనను లాగకూడదు. ఆ రోజున చేయి విడవడమే వీడ్కోలుగా తోస్తుంది గనుక, విడిచేముందు గోడనో కటకటాలనో ఆయన చేతికి అందించి, చెవిలో చెప్పి విడవాలి.

వీడ్కోలు విషయంలో మా పూజావిధానమే నాకు ఆధారం. కలశంలోనికి దేవతను ఆవాహన చేసిన తరువాత, పూజాంతంలో అక్షతలతో ఉద్వాసన చెప్పి, కలశాన్ని కొంచెం కదిపిన తరువాతనే లేస్తాము. ఉద్వాసన చెప్పని కలశం దగ్గర దేవత ఉన్నట్లే భావించి మెలగుతాము. అంధుని దృష్టిలో, మాట చెప్పి వెళ్ళనివాడు కూడా ఇంకా అక్కడ ఉన్నట్లే. తెలుగువారి ఇళ్ళలో "పోతాను" అనరు, "వెళ్ళొస్తాను" అంటారు. ఆ ఒక్క మాట బయటికి అనాలి, తల ఊపి ఊరుకోకూడదు. తిరిగి రాబోతే "అయిదు నిమిషాలలో వస్తాను" అనాలి, వచ్చాక మళ్ళీ పేరు చెప్పాలి. గుంపులో ఉన్నవారిలో ఒకరు వెళ్ళినా ఆ ఒకరూ చెప్పే వెళ్ళాలి.

ఇప్పుడు మా ఆలయంలో పెద్దాయన అడుగు పెట్టగానే పూలమ్మే ఆమె, చెప్పులు కాచే అబ్బాయి, వరుసలోని ఇద్దరు ముగ్గురు తమ పేర్లు తామే చెబుతారు. చెప్పులు కాచే అబ్బాయి పేరును ఆయన చివర సాగదీసి పలుకుతారు, ప్లుతం మూడు మాత్రలకంటె కొంత ఎక్కువే ఉంటుంది.