‘పో’ అనే ఒక్క అక్షరం

మా దేవాలయానికి చిరకాలంగా వచ్చే ఒక కుటుంబంలోని అమ్మాయి ఇంగ్లండులో నర్సుగా పనిచేస్తున్నది. గత కార్తికమాసంలో సెలవుపై వచ్చినపుడు ఆమె తాను వ్రాసిన చిన్న కథను నా చేతికిచ్చి, “పంతులుగారూ, భాషాదోషాలుంటే దిద్దిపెట్టండి” అన్నది. వేదపాఠశాలలో పెరిగినవాడికి దోషం వెదకడం అలవాటైన పని. ఎర్రకలంతో కూర్చున్నాను. ఒకచోట ఒక క్రియాపదాన్ని కొట్టివేసి వేరొకటి వ్రాశాను. ఆ దిద్దుబాటు విషయమే ఇప్పుడు మీకు నివేదిస్తున్నాను. ముందుగా కథ వినండి.

కథలోని రోగి ఎనభయ్యేళ్లు దాటిన ఫిలిప్పీన్స్ దేశీయుడు. యౌవనంలో ఇంగ్లండు చేరి, ఆసుపత్రులలో సహాయకుడిగా పనిచేసి, అక్కడే వృద్ధుడైనాడు. ఏబదేళ్లు మాట్లాడిన ఇంగ్లీషు చివరి వారంలో ఆయనను విడిచిపోయింది. తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, తల్లి ఒడిలో నేర్చినది మిగలడం వృద్ధరోగుల విషయంలో తరచుగా కనిపించేదేనట. ఆయనకు మిగిలినది తగలోగు.

అది రాత్రి మూడవ జాము. చర్మం క్రింద అమర్చిన సన్నని సూదిగుండా చిన్న యంత్రం బాధానివారక ఔషధాన్ని నెమ్మదిగా అందిస్తున్నది. శ్వాస కొంతసేపు వేగంగా సాగి, ఆగి, మరల మొదలవుతున్నది. మన తెలుగు నర్సు తడి స్పంజితో ఆయన పెదవులు తుడిచి, చేయి పట్టుకొని కూర్చున్నది. ఆయన కనులు తెరచి, ఆమె భుజం మీదుగా తలుపు వైపు చూచి, ఏదో గుసగుసలాడినాడు. ఆమె చెవికి స్పష్టంగా అందినది చివరి అక్షరం ఒక్కటే. ‘పో’.

ఆయనకు తెలుగు రాదని ఆమె బుద్ధికి తెలుసు. కాని బుద్ధి కంటె ముందు విన్నది చెవి. ఆ చెవి బాల్యంలో ‘పో’ అంటే తొలగిపొమ్మనే నేర్చుకున్నది. కొంత సేపటికి ఆయన మరల అదే మాట అన్నాడు. ఏకాంతం కోరుతున్నాడేమోనని ఆమె చేయి వదలి, తెర పక్కకు వెళ్లి నిలిచింది. తెల్లవారకముందే ఆయన ప్రాణం పోయింది. ఆ సమయంలో ఆ చేతిలో ఎవరి చేయీ లేదు.

ఉదయం పని అప్పగించే వేళ ఆమె తోటి నర్సును అడిగింది. ఆమెదీ ఫిలిప్పీన్సే, కాని మాతృభాష తగలోగు కాదు. సెబూ ద్వీపంలో పుట్టినందున ఆమె ఇంటి భాష సెబువానో. తగలోగు బడిలో నేర్చినది. అందుచేత ఆమె తొందరపడి అర్థం చెప్పలేదు. ముందుగా మూడు ప్రశ్నలడిగింది. ‘పో’కు ముందు ఏమి వినిపించింది? ఆయన ఎటు చూస్తున్నాడు? ఎన్నిసార్లు అన్నాడు? మన నర్సు కనులు మూసుకొని ఆ ధ్వనిని తిరిగి పలికింది: “నందియాన్ న పో.”

తోటి నర్సు ముఖం మెత్తబడింది. “నీవు విన్న ‘పో’ వెళ్లమనే మాట కాదమ్మా. అది గౌరవవాచకం. పెద్దలతో మాట్లాడేటప్పుడు తగలోగువారు వాక్యంలో చేరుస్తారు. మా సెబువానోలో అటువంటి మాట లేదు. నేను బడిలో అలవరచుకోవలసి వచ్చింది” అన్నది. మన నర్సుకు వెంటనే స్ఫురించింది: అది మన ‘అండి’. ఆమె తొలగిపొమ్మనగా విన్నది, వినయంతో పలికిన మాట.

మిగిలిన పదాలను ఆమె విడదీసి చెప్పింది. ఆ భాషలో స్థలాన్ని చెప్పడానికి మూడు మాటలున్నాయి. పలికేవాని దగ్గర ‘దితో’, వినేవాని దగ్గర ‘దియాన్’, ఇద్దరికీ దూరంగా ‘దోఓన్’. ‘నందియాన్’ అంటే నీవున్న చోట ఉన్నానని. ‘న’ అంటే ఇప్పటికే. అన్నీ కలిపితే, మీరున్న చోటికి ఇప్పటికే చేరాను అని. “కాని అలా విడదీస్తే అసలు సంగతి తప్పిపోతుంది” అన్నది తోటి నర్సు. “అమ్మ భోజనానికి పిలుస్తుంది. పిల్లవాడు ఆటలోనే ఉంటాడు, అడుగైనా కదపడు. అక్కడినుండే కేకవేస్తాడు, నందియాన్ న పో అని.”

మన నర్సు దానిని తెలుగులో ఇలా వ్రాసుకున్నది: “ఇదిగో, వచ్చేశానండీ.”

తోటి నర్సు ఒక హెచ్చరిక కూడా చేసింది. అది గుసగుస. విన్నది పరభాషీయురాలు. అర్థం చెప్పినది బడిలో నేర్చినది. “బంధువులు అడిగితే నా అర్థం చెప్పకు. నీవు విన్న ధ్వనిని మాత్రమే చెప్పు. అర్థం వారిది.” ఆ మధ్యాహ్నం మనీలాకు ఉత్తరాన ఉన్న బులకాన్ నుండి ఆయన అక్కగారు ఫోను చేశారు. నర్సు ఆ ధ్వనిని పలికింది. అవతల చాలాసేపు మౌనం. తరువాత ఆ వృద్ధురాలు, “అమ్మ ఎన్నిసార్లు పిలిచినా వాడు ఆ మాటే అనేవాడు, ఎన్నడూ వెంటనే వచ్చేవాడు కాదు” అన్నది. కథ అక్కడితో ముగిసింది.

ఇక నా ఎర్రకలం సంగతి. ‘వచ్చేశానండీ’ అన్నచోట నేను ‘వస్తున్నానండీ’ అని దిద్దాను. కదలనివాడు వచ్చేశాననడం కాలదోషమని నా తీర్పు. ఆ రాత్రి నిద్రపట్టక పడుకొని ఉండగా, చిన్ననాడు వల్లించిన పాణిని సూత్రం జ్ఞాపకం వచ్చింది. అష్టాధ్యాయి మూడవ అధ్యాయం మూడవ పాదంలోనిది. ఇంకా పొందనిదానిని ఆశించి చెప్పేటప్పుడు, జరగబోయే పనికి భూతకాల ప్రత్యయాన్ని కూడా వాడవచ్చునని దాని తాత్పర్యం. గురువుగారు వస్తే చాలు, వ్యాకరణం చదివేసినట్లే అన్న తీరు మాటలకు వ్యాఖ్యాతలు దానిని అన్వయిస్తారు. మన తెలుగిళ్లలోనూ పిలుపు వినగానే ఉన్నచోటునుండే ‘వచ్చేశా’ అంటాము. నాలుగు దశాబ్దాలు ఆ సూత్రం నోటికి వచ్చు. అది ప్రాణమున్న మాటగా ఎదురైనపుడు దానిని దోషమని కొట్టివేశాను. ‘వస్తున్నాను’ అంటే దారిలో ఉన్నట్లు. ఆ వృద్ధుడు దారిలో ఉన్నట్లు చెప్పలేదు, చేరినట్లు చెప్పినాడు.

నన్ను మేల్కొలిపినది సూత్రమొక్కటే కాదు. మా అమ్మ చివరి దినాలలో, ఎవరూ లేని గుమ్మం వైపు చూచి, “వచ్చేశానత్తయ్యా” అన్నది. మా నాయనమ్మ పోయి అప్పటికి ముప్పై ఏళ్లు. జ్వరసంధి అనుకొని, “ఎవరూ లేరమ్మా, పడుకో” అన్నాను. ఆమె రెండవసారి అనలేదు. కథలోని నర్సుకు తెలియనిది పరభాష. నేను విన్నది నా మాతృభాషే, వ్యాకరణం చదివినవాడిని కూడా. అయినా ఆమె దగ్గర కూర్చొని, “అత్తయ్య ఏమంటున్నారమ్మా?” అని అడగలేదు.

మరునాడు ఆ అమ్మాయికి ప్రతిని తిరిగి ఇచ్చేటప్పుడు, నా ఎర్రగీతను నల్లసిరాతో కొట్టివేసి, ఆమె వ్రాసిన మాటను మరల పైన వ్రాశాను. ఆమె చూచి, “ఇక్కడ ఏమైంది పంతులుగారూ?” అన్నది. “దోషం నాది, తల్లీ” అన్నాను.