ఎదురెండలో కన్ను

సూర్యాపేట చుట్టుపక్కల కంటి వైద్యం చేసేవాళ్ళకి డిసెంబరు నెల ఎలా ఉంటుందో తెలుసు. ఎముకల డాక్టరు దగ్గర కట్టు కట్టించుకుని, అక్కడినుంచి మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ నెలలో కనిపిస్తుంటారు. "ముందున్న బండి కనిపించలేదంటున్నాడు, ఒకసారి కళ్ళు చూడండి" అని చీటీ మీద రాసి ఉంటుంది.

అలా వచ్చిన వాళ్ళలో ఒకాయన సంగతి చెబుతాను. యాభై దాటిన మనిషి, విత్తనాల వ్యాపారం. తెల్లవారగట్ల హైదరాబాదులో బయలుదేరి భార్యతో కలిసి కోదాడ వైపు కారులో వెళుతున్నాడు. సూర్యాపేట దాటాక పొద్దు పొడిచింది. రోడ్డు ఎడమ పక్కన వరిగడ్డి వేసుకున్న ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది. దానికి వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు లేదు. చివరి క్షణంలో ఆయన స్టీరింగు కుడికి కోశాడు కాని కారు ఎడమ పక్క ట్రాలీ మూలకి తగిలింది. ఆయనకి మణికట్టు, ఆమెకి ఎడమ భుజం ఎముక విరిగాయి.

"పొద్దు కండ్లల్ల పడ్డది సార్. ఆ ట్రాలీ నాకు కనిపించనే లేదు" అన్నాడు.

పక్కనే కూర్చున్న ఆమె ఊరుకోలేదు. "నాకు దూరంనుంచే కనిపించింది సార్. 'ఏమండీ, ట్రాక్టరు' అని అరిచిన. ఈయనకి వినబడ్డది కాని ఎక్కడుందో దొరకలే."

ఆ మాట దగ్గర నేను ఆగాను. ఒకే అద్దం, ఒకే ఎండ, ఒకే రోడ్డు. ఆమెకి కనిపించింది, ఆయనకి కనిపించలేదు. చీకటి గదిలో కూర్చోబెట్టి చార్టు చదివిస్తే రెండు కళ్ళతోనూ 6/9 వరుస సునాయాసంగా చదివాడు. చాలా చోట్ల పరీక్ష ఇక్కడితో ముగుస్తుంది, చూపు బాగానే ఉందని రాసిచ్చేస్తారు. నేను బల్లమీది దీపం తెచ్చి, ఆయన కంటికి కాస్త పక్కగా, చార్టుకి అడ్డం రాకుండా, వెలుగు కంట్లో పడేలా పెట్టి మళ్ళీ చదవమన్నాను. 6/36 దగ్గర ఆగిపోయాడు. దీపం తీసేస్తే మళ్ళీ 6/9.

కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలు వేసి స్లిట్ ల్యాంపులో చూస్తే సంగతి తేలింది. లెన్సు వెనక గోడకి అంటుకుని, సరిగ్గా నడిమధ్యలో, పలచని గరుకు పొర ఉంది. మామూలు ముసలితనపు శుక్లం లెన్సు అంతా మెల్లగా పసుపెక్కిస్తుంది. ఈ రకం మధ్యలోనే పేరుకుంటుంది. మసక వెలుతురులో కంటిపాప విప్పారి ఉంటుంది కాబట్టి పొర చుట్టూ ఉన్న శుభ్రమైన భాగం గుండా వెలుగు లోపలికి వెళుతుంది, చూపు బాగుంటుంది. ఎండలో కంటిపాప ముడుచుకుంటుంది. అప్పుడు మిగిలే చిన్న కిటికీ ఆ పొర ఉన్న చోటే. పైగా ఆ గరుకు పొర ఎండని కన్నంతా చెదరగొట్టి రెటీనా మీద తెల్లని తెర కప్పుతుంది.

ఎందుకొచ్చిందని ఆరా తీస్తే, ఆయాసం కోసం మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని ఏళ్ళ తరబడి వాడుతున్న మాత్రలు బయటపడ్డాయి. అవి స్టెరాయిడ్లు. ఈ రకం శుక్లానికి స్టెరాయిడ్లు పేరుమోసిన కారణం. షుగరు వ్యాధి కూడా తోడవుతుంది. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం కనుక ముందు ఫిజీషియన్ దగ్గరికి పంపాను. తరవాత ఒకదాని వెనక ఒకటిగా రెండు కళ్ళకీ ఆపరేషను చేసి లెన్సులు వేశాం.

ఆయన కంటిది ఎంత దోషమో ఆ రోడ్డుదీ అంతే. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి అక్కడక్కడా వంపు తిరిగినా మొత్తం మీద తూర్పుకీ ఆగ్నేయానికీ మధ్యగా సాగుతుంది. మన అక్షాంశంలో డిసెంబరు చివర్లో సూర్యుడు ఉదయించేది దాదాపు ఆ దిక్కునే. అంటే చలికాలం పొద్దున విజయవాడ వైపు వెళ్ళేవాడికి సూర్యుడు రోడ్డు చివర నిలబడ్డట్టే ఉంటాడు. జూన్‌లో సాయంత్రం హైదరాబాదు వైపు తిరిగి వచ్చేవాడికి సరిగ్గా దీనికి అద్దంపట్టినట్టు పడమట అదే జరుగుతుంది.

కంటి లోపల వెలుగు చెదరడానికి ఒక లెక్క ఉంది. మనం చూస్తున్న వస్తువుకీ వెలుగు వచ్చే చోటుకీ మధ్య కోణం సగమైతే కంట్లో పరచుకునే తెర సుమారు నాలుగింతలవుతుంది. సూర్యుడు పైన ఇరవై డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఇబ్బంది లేని కన్ను, ఐదు డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు గుడ్డిదవుతుందంటే ఇదే కారణం. వయసుతో కూడా ఈ చెదురు పెరుగుతుంది. ఏ జబ్బూ లేని కంట్లోనే 70 ఏళ్ళకి అది దాదాపు రెట్టింపు. మన దగ్గర సూర్యుడు గంటకి పద్నాలుగు డిగ్రీల దాకా పైకెక్కుతాడు. అందుకే ముప్పావుగంట హోటలు దగ్గర ఆగి టిఫిన్ చేసి బయలుదేరితే కంటికి అదే రోడ్డు వేరే రోడ్డవుతుంది. నా దగ్గరికి వచ్చే డ్రైవర్లకి నేను రాసిచ్చే మందుల్లో ఈ ముప్పావుగంట కూడా ఒకటి.

ఆగలేనివాడు వేగం తగ్గించాలి. ఎంత తగ్గించాలో ఆ ప్రమాదమే లెక్క చెబుతుంది. ఆయన 80లో వెళుతున్నాడు. ట్రాలీ తనకి కనిపించేసరికి ముప్పై మీటర్లు ఉండొచ్చన్నాడు. 80లో ఉన్న కారు, చూసి బ్రేకు మీద కాలు వేసే ఒకటిన్నర సెకనులోనే 33 మీటర్లు పోతుంది. పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగడానికి మొత్తం 70 మీటర్లు కావాలి. అంటే కనిపించాక బ్రేకు అందుకునేలోపే ట్రాలీ దగ్గరికి చేరిపోయాడు. అదే 40లో అయితే మొత్తం 26 మీటర్లలో ఆగుతుంది, అంటే ట్రాలీకి కాస్త ఇవతలే. వెలుగు కంట్లో కొట్టాక బ్రేకు గట్టిగా తొక్కకూడదు, వెనక వచ్చేవాడికీ ఏమీ కనిపించడం లేదు. మలుపు తిరిగితే సూర్యుడు ఎదురవుతాడని తెలిసినప్పుడే, మలుపుకి ముందే మెల్లగా తగ్గించాలి. సన్‌వైజరు దించి సూర్యుడి బింబాన్ని మాత్రమే కప్పాలి, చూపుని ఎడమ అంచు తెల్ల గీత మీద ఉంచాలి.

తప్పు కంటిదా అద్దానిదా అని చాలామంది అడుగుతారు. అది రోడ్డు మీదే తేలుతుంది. భద్రమైన చోట బండి ఆపి, దిగి, సూర్యుడి కేసి కాకుండా రోడ్డు కేసి అదే దిక్కున చూడాలి. బయట శుభ్రంగా కనిపిస్తే దోషం అద్దానిది. వైపరు గీసిన గీతలు, పైన దుమ్ము అందరికీ కనిపిస్తాయి కాని అసలు మాయ లోపలి వైపు ఉంటుంది. ఎండకి డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్కు నుంచి వెలువడే ఆవిరి అద్దం లోపల జిడ్డు పొరగా పేరుకుంటుంది. ఎదురు వెలుగు లేనప్పుడు అది తెలియదు, ఎదురెండలో తెల్లగా మెరుస్తుంది. తెల్ల కాగితాలు, మెరిసే పీఠం మీది బొమ్మలు డ్యాష్‌బోర్డు మీద ఉంటే వాటి నీడ కూడా అద్దంలో తేలి రోడ్డుని కప్పుతుంది. దిగి చూసినా మసకే ఉంటే కన్ను చూపించుకోవాలి. నీడలో కంటే ఎండలో చూపు తగ్గడం, పక్కన కూర్చున్నవాళ్ళు మనకంటే ముందు చూస్తుండడం, ఈ రెండూ గట్టి గుర్తులు.

ఇంకొక రకం కన్ను ఉంది. లారీ డ్రైవరు ఒకతను షుగరు వల్ల రెటీనా మధ్యలో వాపుతో వచ్చాడు. చార్టు 6/12 చదివాడు, వెలుగు పక్కన పెట్టినా పెద్దగా తగ్గలేదు. పది సెకన్లు టార్చి చూపించి, మళ్ళీ అదే వరుస ఎప్పుడు చదువుతాడా అని గడియారం చూశాను. ఆరోగ్యమైన కంటికి నిమిషంలోపు చాలు. ఇతనికి రెండున్నర నిమిషాలు పట్టింది. ఎదురెండలోంచి చెట్ల నీడలోకి వచ్చాక 60లో వెళ్ళే లారీ అంతసేపట్లో రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. వైజరుతో ఇది తీరదు. వాపు తగ్గేదాకా పొద్దున్నా సాయంత్రమూ బండి ముట్టొద్దని చెప్పాం. లైసెన్సు దరఖాస్తులో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు "మంచి పగటి వెలుతురులో" చదవగలరా అని అడుగుతారు. ఎదురు వెలుగులో చదవగలరా అని ఎవరూ అడగరు. నలభై దాటినవాళ్ళకి వైద్య సర్టిఫికెట్ ఇచ్చే ప్రతి డాక్టరు గదిలోనూ ఆ బల్లదీపం ఉండాలని నా పట్టుదల.

లైట్ల విషయంలో జనం ఒకటి మరిచిపోతారు. సూర్యుడు వెనక ఉన్నవాడికి అంతా హాయిగా కనిపిస్తుంది, అందుకే తనూ అందరికీ కనిపిస్తున్నాననుకుంటాడు. మీ బండి నీడ ముందుకి పొడుగ్గా పడుతోందంటే ఎదురు వచ్చేవాడి కళ్ళల్లో ఎండ కొడుతోందని అర్థం. అతనికి మీరు వెలుగులో కరిగిపోయిన నల్ల మచ్చ. డిప్పర్‌లో హెడ్‌లైటు వేసుకోవలసింది అప్పుడే. 2017 నుంచి వచ్చిన కొత్త బైకులకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాని పాత బండ్లకి మనమే వేయాలి. కార్లకి ముందు వెలిగే పగటి లైట్లని నమ్ముకోవద్దు, చాలా కార్లలో వాటితో వెనక లైటు వెలగదు.

పొగలో వెనక లైటే ప్రాణం. కోతలయ్యాక కొయ్యకాళ్ళకి నిప్పు పెడితే ఆ పొగ రోడ్డు మీదికి గోడలా వస్తుంది. అందులోకి వెళ్ళాక హైబీమ్ వేస్తే పొగ రేణువులు ఆ వెలుగుని వెనక్కి మన కళ్ళలోకే కొడతాయి. డిప్పర్, ఉంటే కింద అమర్చిన ఫాగ్‌లైటు, అంతే. నల్ల కళ్ళజోడు వెంటనే తీసేయాలి. పసుపు కళ్ళజోడు పొగని చీల్చదు, నమ్మి వేగం పెంచినవాళ్ళకి అది హానే. అద్దాలు మూసి, గాలి లోపలే తిరిగేలా పెట్టుకుంటే కళ్ళు మండి నీళ్ళు కారడం తగ్గుతుంది. నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేస్తే వెనకవాడు ఆగిందనుకుంటాడు, పైగా మీరు ఎటు తిరుగుతారో తెలియదు. అవి ఆగినప్పటికే.

దూరం నుంచే పొగ గోడ కనిపిస్తే దానికి ఇవతలే, రోడ్డు దిగి ఆగడం మేలు. లోపల చిక్కుకుని ఆగవలసి వస్తే మాత్రం తారు మీద ఆగొద్దు. పొగ ప్రమాదాల్లో నేను చూసిన ఘోరమైన గాయాలు మొదటి గుద్దుకి తగిలినవి కావు, దిగి బండి పక్కన నిలబడి ఏమైందా అని చూస్తున్నవాళ్ళకి రెండో బండి కొట్టినవి. బండిని వీలైనంత పక్కకి దించి, ఇండికేటర్లన్నీ వేసి, అందరినీ ఎడమ వైపునుంచి దింపి, రెయిలింగు ఉంటే దాని అవతలికి, పొగ వీచని వైపుకి నడిపించాలి. జాతీయ రహదారి అయితే 1033కి, మంటకి 101కి, గాయాలుంటే 108కి ఫోన్ అక్కడికి చేరాకే చేయాలి.