పేరు పలకని పిలుపు

తెలుగు ఇళ్లలో పాత తరం భార్యలు భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నమ్మేవారు. భర్త పేరు వెంకటేశ్వర్లయితే కొందరు దేవుణ్ణి కూడా ఏడుకొండలవాడనే అనేవారు. ఆసుపత్రిలోనో రేషన్ దుకాణం దగ్గరో భర్త పేరు అడిగితే పక్కనున్న పిల్లల చేత చెప్పించేవారు.

ఈ నియమానికి ఆధారంగా చూపే సంస్కృత శ్లోకం ఒకటుంది. మేలు కోరేవాడు తన పేరు, గురువు పేరు, పరమ లోభి పేరు, పెద్ద బిడ్డ పేరు, భార్య పేరు పలకకూడదని దాని సారాంశం. అంటే అక్కడ నియమం మగవాడికి! ఆచరణలో అది ఎక్కువగా భార్యమీదే పడడం అన్యాయమే. పెద్దల పేరు పెట్టి పిలవకూడదన్న మర్యాద, భర్త వయసులో పెద్దవాడు కావడం ఇందుకు తోడయ్యాయి.

అయితే ఈ కట్టుబాటుకు పెళ్లిలోనే ఒక సడలింపు ఉంది. గృహప్రవేశం వేళ ఆడపడుచులు గడపకు అడ్డంగా నిలబడి, వధూవరులిద్దరి చేతా పరస్పరం పేర్లు చెప్పించాకే లోపలికి రానిస్తారు.

పేరుకు బదులు "ఏమండీ", పరోక్షంలో "మావారు", "అబ్బాయి వాళ్ల నాన్న" వాడుకలోకి వచ్చాయి. చాలా శ్రామిక కుటుంబాల్లో "ఏమయ్యా", "నువ్వు" అనడం తప్పు కాదు. కాబట్టి గౌరవం పేరు దాచడంలో లేదు, ఇద్దరికీ ఒకే వరస ఉండడంలో ఉంది. భార్య "మీరు" అంటే భర్తా "మీరు" అనాలి, లేదా ఇద్దరూ "నువ్వు" అనుకోవాలి. "ఒసేయ్", "ఏమే" వంటివి ఆమెకు ఇష్టం లేకపోతే మానాలి. నలుగురిలో పేరు చివర "గారు" చేర్చడం ఇద్దరికీ కుదురుతుంది.