ఒక్క ఉలి

మా నాన్న వడ్రంగి కాదు. గుడియాత్తంలో ఒక చోట లెక్కలు రాస్తారు. కానీ ఆదివారం వస్తే మా వీధిలో ఎవరి తలుపు బిగుసుకున్నా, ఎవరి కుర్చీ కాలు ఊగినా మా వాకిట్లోకే వస్తుంది. నాన్న తమిళంలో లాగా ‘ఉళి’ అంటారు, అమ్మ ‘ఉలి’ అంటుంది. ఏదన్నా తెచ్చివ్వాల్సింది మాత్రం నేనే.

పోయినేడు ఆయన పుట్టినరోజుకి వేలూరులో ఆరు ఉలులున్న పెట్టె కొన్నాను. 540 రూపాయలు. ఒక్కోటి 90 రూపాయలే పడిందని బస్సంతా మురిసిపోయాను. ఆ వారమే పక్కింటి వేప తలుపుకి బందు బిగించాల్సి వచ్చింది. బందు రేకు చెక్కతో సమంగా కూర్చోవాలంటే, దాని మందమంత లోతుగా గాడి చెక్కాలి. నాలుగు దెబ్బలకే ఉలి కోయడం మానేసి చెక్కని నలపడం మొదలుపెట్టింది. నాన్న నా వేలిని మెల్లగా అంచు వెనకవైపు తాకించారు. సన్నని మడత తగిలింది.

“ఉక్కు మెత్తన, అందుకే మడత పడింది. మరీ గట్టిదైతే పెళుసుగా ఉండి అంచు పళ్లుపళ్లుగా విరుగుతుంది” అన్నారు. సానబెట్టి మళ్లీ కొట్టారు. మళ్లీ మడతే. నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఈ ఏడు ముందుగా మా వీధి చివర మంచాలు చేసే తాతని అడిగాను. “ఒక్కటే కొను, అర అంగుళంది. పిడీ అలుగూ ఒకే వరసలో ఉండాలి. సుత్తి దెబ్బకి పిడి చీలకుండా పైన ఇనుప కట్టు ఉండాలి. అంచు దగ్గర పక్కన ఆకురాయి ఒక్కసారి లాగి చూడు. జారిపోతే ఉక్కు గట్టిది, పట్టుకుంటే మెత్తన. పిడి దగ్గర చూడొద్దమ్మా, చాలా ఉలులకి ముందు భాగమే గట్టిపరుస్తారు” అన్నాడు. లాంగ్ బజార్‌లో కొట్టాయన గొణిగి, చివరికి ఒప్పుకున్నారు. ఆకురాయి జారింది. ఉలి 390, రెండు పక్కల సానరాయి 150. అదే 540!

ఇంటికి తెచ్చాక తెలిసింది, మంచి ఉలి కూడా కొనగానే పనికి రాదని. నాన్న దాని వెనకవైపు మార్కర్‌తో నల్లగా పూసి, తడి సానరాయి మీద బల్లపరుపుగా రుద్దారు. మధ్యలో నలుపు అలాగే మిగిలింది, అంటే అక్కడ పల్లం. “మధ్యలో ఉంటే పరవాలేదు, అంచు వెంబడి మాత్రం ఉండకూడదు” అని అక్కడ నలుపు పోయేదాకా అరగంట రుద్దారు. తర్వాత ముందు ఏటవాలుని సుమారు 25 డిగ్రీల్లో నూరారు. వేప ముక్క చివర అడ్డంగా తోస్తే పొర చుట్టుకుంటూ లేచింది, కోసిన చోట నున్నగా మెరిసింది.

పాత ఆరింటినీ పారేయలేదు. ఒకదానితో రంగు డబ్బా మూతలు తీస్తున్నారు. ఇంకోటి అమ్మ కొబ్బరికాయల దగ్గర పెట్టుకుంది.